మాటలు రాని రెండేళ్ల పిల్లాడు: ఆగి చూడటమా, థెరపీయా, వినికిడి పరీక్షా – ముందు ఏది మేలు?

రెండేళ్లు దాటినా పిల్లాడు మాట్లాడకపోతే ఇంట్లో తలో మాట అంటారు. అమ్మమ్మ "వస పోశారా?" అంటుంది. నాన్నమ్మ "వీళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి, ఆగండి" అంటుంది. పక్కింటావిడ ఫోన్ చూపించడం వల్లే అంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఆటిజం అని వస్తుంది. అసలు పిల్లాడికి సరిగ్గా వినిపిస్తోందా అన్న ప్రశ్న చివరికెప్పుడో వస్తుంది, వచ్చినా వెనక నుంచి పళ్లెం మోగించి, తల తిప్పాడు కాబట్టి చెవులు బాగున్నాయని తేల్చేస్తారు. ఒక ఆడియాలజిస్టుగా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ పళ్లెం పరీక్షే.

ముందు ఆగి చూడటం సంగతి. ఆలస్యంగా మొదలుపెట్టి, తర్వాత తోటివాళ్లను అందుకునే పిల్లలు చాలామందే ఉన్నారు, కాబట్టి నాన్నమ్మ మాట పూర్తిగా తప్పని అనను. ఇబ్బంది ఏమిటంటే, అలా అందుకునే పిల్లాడూ, సగం శబ్దాలే వినిపిస్తున్న పిల్లాడూ రెండేళ్ల వయసులో బయటికి ఒకేలా కనిపించవచ్చు. ఎన్నాళ్లు ఆగినా వాళ్లిద్దరినీ విడదీయలేం. పద్దెనిమిది నెలలకు అర్థమయ్యే మాట ఒక్కటీ లేకపోయినా, రెండేళ్లకు "పాలు కావాలి" లాగా రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా ఇక ఆగకూడదు.

ఇక నేరుగా స్పీచ్ థెరపీకో, ఆటిజం అసెస్‌మెంట్‌కో వెళ్లడం. ఆగడం కన్నా ఇది ఎంతో నయం. కానీ ఆటిజం కోసం అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా?" అని. వినపడని పిల్లాడూ చూడడు. థెరపిస్టు ఎంత ఓపిగ్గా మాటలు చెప్పించినా, ఆ మాట చెవిదాకా చేరకపోతే వాడు నేర్చుకునేది పెదాల కదలిక చూసి పట్టుకున్నంతే. అందుకే పిల్లల ఎదుగుదల చూసే మంచి డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ మొదటి రోజే వినికిడి రిపోర్టు అడుగుతారు.

పళ్లెం పరీక్ష ఎందుకు మోసం చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. రెండేళ్ల రెండు నెలల బాబు ఉన్నాడనుకుందాం. "అమ్మ", "నాన్న", "మామ" అంటాడు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడు, ఫోన్ మోగితే పరుగెత్తుతాడు. కానీ వెనక నుంచి మామూలుగా "చెప్పులు తే" అంటే పట్టించుకోడు. చేత్తో చూపిస్తూ అంటే వెంటనే తెస్తాడు. ఇంట్లో వాళ్లు మొండివాడనుకుంటారు.

ఈ బాబుకు బొంగురు శబ్దాలు దాదాపు బాగానే వినిపిస్తాయి, సన్నటి శబ్దాలు వినిపించవు. అచ్చుల్లోనూ మ, న లాంటి అక్షరాల్లోనూ బలం ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, అందుకే అమ్మ, నాన్న వచ్చాయి. స, శ, చ, త, క లను వేరుచేసి చూపేది 2000 హెర్ట్జ్, ఆపైన ఉండే సన్నటి ధ్వని. అది చేరకపోతే "కారు", "చారు" ఒకేలా వినిపించవచ్చు. మామూలుగా మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దగ్గర్లో మోగించిన పళ్లెం దానికన్నా చాలా గట్టిది, బొంగురు నుంచి సన్నం దాకా అన్ని రకాల ధ్వనులూ అందులో ఉంటాయి. దానికి తల తిప్పాడంటే పూర్తి చెవుడు లేదని మాత్రమే. మాటలు నేర్చుకునేంత వినపడుతోందా అన్నదానికి అది జవాబు కాదు.

వినికిడి పరీక్షల సెంటర్‌లో ఈ బాబుకు మొదట చేసేవి రెండు చిన్న పరీక్షలు. ఓఏఈలో చెవిలో మెత్తటి ప్రోబ్ పెట్టి చిన్నగా శబ్దం పంపితే, లోపలి చెవిలోని కణాలు తిరిగి పంపే ప్రతిధ్వనిని మిషన్ పట్టుకుంటుంది. పిల్లాడు కదలకుండా ఉంటే కొద్ది నిమిషాల పని. ఫలితం "పాస్" లేదా "రిఫర్" అని వస్తుంది. రిఫర్ అంటే చెవుడు అని కాదు. గుబిలి అడ్డుపడినా, జలుబు వల్ల మధ్య చెవిలో నీరు చేరినా రిఫరే వస్తుంది. అందుకే పక్కనే, చెవిపొర ఎంత కదులుతోందో గ్రాఫ్‌గా చూపే టింపనోమెట్రీ చేస్తారు. గ్రాఫ్ బల్లపరుపుగా వస్తే చాలావరకు నీరు చేరినట్టే, అది ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. తరచూ దానంతటదే తగ్గుతుంది కాబట్టి సాధారణంగా మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారు. మన బాబుకు ఓఏఈ రెండు చెవుల్లోనూ రిఫర్, టింపనోమెట్రీ మామూలుగానే ఉంది. అంటే అడ్డు మధ్య చెవిలో కాదు, లోపలి చెవిని అనుమానించాలి.

అప్పుడు బేరా. నుదుటిమీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో శబ్దం వినిపిస్తూ, వినికిడి నరం నుంచి మెదడు కాండం దాకా సిగ్నల్ వెళ్తోందా అని చూస్తారు. పిల్లాడు నిద్రపోతేనే సాధ్యం. ఆ రోజు తెల్లవారుజామునే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకొస్తే చాలామంది పిల్లలకు మందు అవసరమే రాదు. నిద్ర సిరప్ అవసరమైతే డాక్టరు ఎదుటే ఇవ్వాలి, ఇంట్లో తాగించి బయల్దేరకూడదు.

క్లిక్ శబ్దంతో చేసే బేరా ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య సంగతే చెబుతుంది. మన బాబుకు అందులో 65 డెసిబెల్స్ శబ్దం పెడితే గానీ స్పందన రాలేదనుకోండి. ఆ ఒక్క అంకె చూసి అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకే రకంగా హియరింగ్ ఎయిడ్ సెట్ చేస్తే, బాగానే వినిపిస్తున్న బొంగురు శబ్దాలు భరించలేనంత గట్టిగా మోగుతాయి, వాడు మిషన్ పీకి పారేస్తాడు. కాబట్టి ఫ్రీక్వెన్సీల వారీగా చేసే టోన్ బర్స్ట్ బేరా గానీ, శబ్దం వైపు తిరిగితే బొమ్మ వెలిగేలా ఆటగా చేసే వీఆర్‌ఏ గానీ చేయమని అడగండి. వీఆర్‌ఏ సుమారు ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ల దాకా బాగా కుదురుతుంది.

ఓఏఈ మేలా, బేరా మేలా అని అడిగితే: ఇబ్బందులేవీ లేకుండా పుట్టిన పిల్లలకు ఓఏఈ, టింపనోమెట్రీతో మొదలుపెట్టడం చాలు. కానీ పుట్టగానే ఎన్‌ఐసీయూలో చాలారోజులు ఉన్నా, పచ్చకామెర్లు ముదిరి రక్తమార్పిడి దాకా వెళ్లినా, ఓఏఈ పాస్ అయిందని వదిలేయకుండా బేరా చేయించాలి. వాళ్లలో కొందరికి లోపలి చెవి కణాలు బాగానే ఉండి, నరంలో సిగ్నల్ చెదిరిపోతుంది. ఓఏఈ దాన్ని పట్టుకోలేదు. మెనింజైటిస్ వచ్చినా, మేనరికమైనా, ఇంట్లో చిన్నప్పుడే చెవుడు వచ్చినవాళ్లున్నా నేను బేరాకే మొగ్గుతాను. పుట్టినప్పుడు ఇచ్చిన "పాస్" కాగితం ఆ రోజుకే చెల్లుతుంది. తర్వాత వచ్చే వినికిడి లోపాలూ ఉన్నాయి.

కాబట్టి నా ఓటు ముందు వినికిడి పరీక్షకే, అయితే దానికోసం థెరపీ, ఆటిజం అపాయింట్‌మెంట్లు వాయిదా వేయొద్దు. ఒకేసారి బుక్ చేసుకోండి. వినికిడి లోపం, ఆటిజం రెండూ ఉన్న పిల్లలున్నారు, ఒకటి తేలిందని రెండోది కొట్టేయకూడదు. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందానికి చూపించి, పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా కేంద్రం డీఈఐసీకి రాయించుకోవచ్చు. హైదరాబాద్ వైపు వాళ్లకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. వెళ్లేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం, పిల్లాడు అనే మాటల జాబితా, దేనికి తిరిగి చూస్తాడో దేనికి చూడడో రాసిన కాగితం వెంట పట్టుకెళ్లండి.