రోజుకి 30 ఎంబీ: నర్సరీలో గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌తో నా అనుభవం

గూగుల్ ఫొటోస్‌లో నాకు బాగా నచ్చింది మొహాలు గుర్తుపట్టడం కాదు, పాత ఫొటోలు తవ్వితీసి చూపించడం అసలే కాదు. మొబైల్ డేటాకి రోజువారీ పరిమితి పెట్టుకోనిచ్చే చిన్న సెట్టింగ్. బ్యాకప్ సెట్టింగ్స్‌లో Mobile data usage అని ఉంటుంది. అందులో డేటా అసలు వద్దు అనొచ్చు, 5, 10, 30 ఎంబీల్లో ఒకటి ఎంచుకోవచ్చు, లేదా పరిమితి లేకుండా వదిలేయొచ్చు. వీడియోలకి స్విచ్ వేరుగా ఉంటుంది. నేను 30 పెట్టి, వీడియోలు ఆపేశాను.

మాది కడియపులంక దగ్గర నర్సరీ. బాబాయి నడుపుతారు, ఫొటోలూ ఆర్డర్లూ నేను చూస్తాను. పొద్దున్నే మొక్క పక్కన అడుగుల కర్ర నిలబెట్టి ఫొటో తీసి, హైదరాబాద్, బెంగళూరు కాంట్రాక్టర్లకి వాట్సాప్‌లో పంపడం రోజూ ఉండే పని. లోడు దిగాక "మీరు చూపించిన సైజు ఇది కాదండీ" అని ఎవరైనా అంటే ఆ ఫొటోనే మాకు సాక్ష్యం. అందుకే క్వాలిటీ Original లోనే ఉంచాను. నా ఫోన్‌లో ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది కాబట్టి, 30 ఎంబీ అంటే ఏడెనిమిది ఫొటోలు షెడ్డు దాటకుండానే పైకి వెళ్తాయి. మిగతావి రాత్రి ఇంట్లో ఫైబర్ వైఫై మీద వెళ్తాయి. రోజుకి వచ్చే 2 జీబీలో ఇది లెక్కలోకి రాదు.

ఇది సాఫీగా నడుస్తుండగా ఒకరోజు మధ్యాహ్నానికే షెడ్డులో నెట్ చచ్చిపోయింది. లారీ లోడవుతోంది, డ్రైవర్‌కి అడ్వాన్సు పంపాలి, ఫోన్‌పే తిరుగుతూనే ఉంది. బాబాయి "ఒరేయ్, మళ్లీ ఏం సినిమాలు చూశార్రా" అని కుర్రాళ్ల మీద ఎగిరారు. ఎవరూ ఏమీ చూడలేదు. షెడ్డులో సిమ్ వేసి పెట్టుకున్న చిన్న పాకెట్ రౌటర్ ఉంది, అందరి ఫోన్లూ దానికే కలుపుతాం. ఆ సిమ్‌లో ఆ రోజు డేటా మొత్తం అయిపోయింది.

ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూస్తే విషయం తేలింది. అక్కడ మొబైల్ డేటా లెక్క వేరు, వైఫై లెక్క వేరు. మొబైల్ డేటా కింద ఫొటోస్ యాప్ తన హద్దు దాటలేదు. వైఫై కింద మాత్రం ఒక్క పూటలో జీబీ పైనే లాగేసింది. ముందురోజు సాయంత్రం మా కుర్రాడు నా ఫోన్‌తో రాయల్ పామ్ వరసలన్నీ నడుస్తూ 4కేలో వీడియో తీశాడు. ఆ క్వాలిటీలో నిమిషానికి మూడు నాలుగు వందల ఎంబీ అవుతుంది. రాత్రి ఇంట్లో కరెంటు లేక అది వెళ్లలేదు. పొద్దున ఫోన్ షెడ్డు వైఫైకి కలవగానే ఎక్కడం మొదలుపెట్టింది.

నిజానికి ఇందులో యాప్ తప్పు కూడా లేదు. రౌటర్ వెనక సిమ్ ఉందో, ఫైబర్ తీగ ఉందో ఫోన్‌కి తెలియదు. దానికి అది వైఫై, అంతే. వైఫై మీద 30 ఎంబీ పరిమితి వర్తించదు, వీడియోల స్విచ్ కూడా వర్తించదు. పక్కవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ అయితే చాలాసార్లు ఫోనే గుర్తుపట్టి జాగ్రత్తపడుతుంది. విడిగా ఉండే రౌటర్ల దగ్గర ఆ నమ్మకం పెట్టుకోకూడదు.

మందు ఫొటోస్ యాప్‌లో దొరకలేదు, ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో దొరికింది. ఆ నెట్‌వర్క్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కితే Network usage అని ఉంటుంది. అది మామూలుగా Detect automatically మీద ఉంటుంది, దాన్ని Treat as metered కి మార్చాలి, అప్పుడు ఆ వైఫైని కూడా ఫోన్ మొబైల్ డేటాలాగే చూస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో పేరు కొంచెం తేడాగా ఉంటుంది. మార్చినప్పటి నుంచి షెడ్డులో ఉన్నంతసేపూ పెద్ద ఫైళ్లు వైఫై కోసం ఆగి ఉన్నట్టే చూపిస్తోంది. అయితే ఇది రౌటర్‌లో ఒకసారి పెడితే అందరికీ వర్తించే సెట్టింగ్ కాదు, ప్రతి ఫోన్‌లో విడివిడిగా పెట్టాలి. ఎవరైనా నెట్‌వర్క్‌ని ఫోన్‌లోంచి తీసేసి మళ్లీ కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. కొత్త కుర్రాడు పనిలో చేరితే పాస్‌వర్డ్‌తో పాటు ఇది కూడా నేనే మార్చి ఇస్తున్నాను.

ఇక డూప్లికేట్ల సంగతి. ఒకే ఫైలు రెండుసార్లు ఎక్కకుండా గూగుల్ ఫొటోస్ ఆపుతుంది అని అందరూ చెప్పేదే. ఆపుతుంది కూడా, కాకపోతే ఫైలు అచ్చంగా అదే అయి ఉండాలి. మా పనిలో అలా ఉండదు. నేను ఒక బోగన్‌విల్లా ఫొటో పంపితే, కాంట్రాక్టర్ దాని మీద ఎర్ర గీతతో సున్నా చుట్టి "ఇలాంటివి యాభై" అని తిరిగి పంపుతాడు. ఆయన సూపర్‌వైజర్ అదే ఫొటోని గ్రూపులో పెడతాడు. చూసే కంటికి అన్నీ ఒకే మొక్క. యాప్‌కి మాత్రం మూడూ వేరు వేరు ఫైళ్లు, ఎందుకంటే వాట్సాప్ పంపేటప్పుడే ఫొటోని కుదించి, కెమెరా వివరాలూ లొకేషనూ తీసేస్తుంది. అన్నీ ఎక్కుతాయి, గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చిన 15 జీబీలో అన్నిటికీ చోటు పోతుంది.

ఏది అసలో తెలియాలంటే ఫొటో తెరిచి పైకి జరిపి వివరాలు చూడాలి. పేరు IMG-20250110-WA0007.jpg లాగా మధ్యలో WA తో ఉంటే అది వాట్సాప్ నుంచి వచ్చింది. మామూలు క్వాలిటీలో వచ్చినదైతే కొలత 1600 × 1200 లాగా చిన్నగా ఉంటుంది, కెమెరా పేరు కనిపించదు.

ఆపడం తేలికే. Back up device folders లోకి వెళ్లి వాట్సాప్ ఫోల్డర్ ఆపేస్తే సరి, కెమెరా ఫోల్డర్ ఎలాగూ ఎక్కుతూనే ఉంటుంది. అయితే అప్పటికే ఎక్కినవి అలాగే ఉండిపోతాయి. Manage storage లో Other apps అనే విభాగంలో అవన్నీ ఒక్కచోట దొరుకుతాయి, నేను అక్కడే ఏరుకున్నాను. ఇక్కడ మాత్రం నిదానం అవసరం. బ్యాకప్ అయిన ఫొటోని యాప్‌లో తీసేస్తే ఫోన్‌లో కాపీ కూడా పోతుంది, వాట్సాప్ చాట్‌లో ఆ ఫొటో తెరుచుకోదు. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది కాబట్టి ఈలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. సున్నా చుట్టి పంపినవాటిలో లెక్క తేలని ఆర్డర్ల ఫొటోలు అలాగే ఉంచి, డబ్బులు వచ్చేసినవే తీసేశాను.

పైన 30 ఎంబీని అంత మెచ్చుకున్నాను గానీ, వానలు పడి ఆర్డర్లు ముంచెత్తే జూన్, జులైల్లో అది ఏ మూలకీ రాదు. ఆ రోజుల్లో పొద్దున తీసిన ఫొటోల్లో చాలావరకు రాత్రి దాకా ఫోన్‌లోనే ఉంటాయి. ఈలోపు ఫోన్ కాలవలో పడితే అవి పోయినట్టే. అందుకే ఖరీదైన లోడు ఉన్నరోజు పరిమితి తీసేసి, ఫొటోలు ఎక్కాక మళ్లీ 30కి తెస్తాను. 30కీ పరిమితి లేకపోవడానికీ మధ్య వందో రెండొందలో పెట్టుకునే వీలుంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

నాకు ఈ ఏర్పాటు కుదిరింది, రాత్రికి ఇంట్లో ఫైబర్ ఉంది కాబట్టి. లంకల్లో ఉంటూ ఇంట్లో కూడా సిమ్ డేటా మీదే నడిపేవాళ్లు Original బదులు Storage saver పెట్టుకోవడం మేలు. 16 మెగాపిక్సెళ్లు దాటిన ఫొటోలని ఆ కొలతకి తగ్గిస్తుంది, మిగతావాటిని కాస్త కుదిస్తుంది. ఆకు మీద మచ్చ కనిపించేంత దగ్గరి ఫొటోలు కావాల్సిన నాకు అది నచ్చలేదు గానీ, పెళ్లిళ్లూ పేరంటాల ఫొటోలకి చాలు.