చిల్లుల గేజ్, నల్ల ట్రే, భూతద్దం: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

న్యూజెర్సీలో ఉంటున్న నాకు పాత అమెరికన్ స్టాంపుల పెట్టెలు చవగ్గా దొరుకుతాయి. వాటిలో సగం ఆకుపచ్చ ఒక సెంటు, ఎర్ర రెండు సెంట్ల వాషింగ్టన్ బొమ్మలే. 1908 నుంచి 1922 దాకా వచ్చిన ఈ వరసను వాషింగ్టన్-ఫ్రాంక్లిన్ స్టాంపులంటారు. ముఖం చూస్తే అన్నీ ఒకటే. తేడా అంతా చిల్లుల్లో, కాగితం తయారీలోనే పడే అక్షరాల ముద్ర అయిన వాటర్‌మార్క్‌లో, అచ్చు యంత్రంలో ఉంటుంది. అదే బొమ్మ ఒక రూపంలో పది సెంట్లు కూడా చేయదు, ఇంకో రూపంలో వేల డాలర్లు పలుకుతుంది. వీటిని విడదీయడానికి నేను కొన్న సామాను గురించే ఈ సమీక్ష.

ముందు పర్ఫొరేషన్ గేజ్. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు పడితే అదే ఆ స్టాంపు నంబరు. నా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి లోహపు పలక, దాని మీద 10, 10½, 11 అని విడివిడిగా చుక్కల వరసలుంటాయి. రెండోది పారదర్శక ప్లాస్టిక్‌ది, కిందికి వెళ్లేకొద్దీ దగ్గరయ్యే గీతలుంటాయి. లోహపు పలక ఇప్పుడు సొరుగులోనే ఉంటోంది. ప్లాస్టిక్‌దాన్ని కవరు మీద అతికి ఉన్న స్టాంపు పైన కూడా పెట్టి చూడొచ్చు, అన్ని చిల్లులూ గీతలకు సరిగ్గా కూర్చునే చోట నంబరు చదివితే చాలు. ఈ వరస మొదట 12తో వచ్చింది. చిల్లులు దగ్గరగా ఉండి షీట్లు ఊరికే విడిపోతున్నాయని 1914లో 10కి మార్చారు. అప్పుడు చించడం కష్టమైంది. చివరికి 1917లో 11 దగ్గర స్థిరపడ్డారు. అందుకే గేజ్ పెట్టగానే స్టాంపు కాలం దాదాపు తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉండాలి: పైన కొలిచి వదిలేయకుండా పక్క కూడా కొలవాలి. ఒక సెంటు వాషింగ్టన్‌లోనే 11×10, 10×11 రెండూ ఉన్నాయి.

వాటర్‌మార్క్ ట్రే, ద్రవం విషయంలో నా అభిప్రాయం మిశ్రమం. స్టాంపును నల్ల ట్రేలో బోర్లా వేసి నాలుగు చుక్కలు పోస్తే, కాగితం పలచగా ఉన్న చోట అక్షరాలు నల్లగా తేలతాయి. ఈ వరసలో 1910 దాకా జంట గీతల అక్షరాలు, ఆ తర్వాత 1916 వరకు ఒంటి గీతవి, అక్కణ్నుంచి అసలు వాటర్‌మార్కే లేదు. జంట గీత ఇట్టే కనిపిస్తుంది. ఒంటి గీతతోనే తలనొప్పి. యూఎస్‌పీఎస్ అనే అక్షరాలు షీటంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఒక్కో స్టాంపుకి ఏదో అక్షరం ముక్కే పడుతుంది, కొన్నిటికి మూలలో చిన్న వంపు మాత్రమే. అందుకని ‘ఏమీ కనిపించలేదు’ అన్నది ‘వాటర్‌మార్క్ లేదు’ అన్నదానికి సమానం కాదు. ద్రవం ఆరిపోయే క్షణంలో మళ్లీ చూడండి, చాలాసార్లు ఆ గీత అప్పుడే బయటపడుతుంది. మన నాసిక్ ముద్రణాలయం స్టాంపుల మీద ఉండే బహుళ నక్షత్రాలు దీనితో పోలిస్తే పిల్లలాట. పెట్రోలు జాతి ద్రవాలైతే కిటికీ తెరిచి, మంటకు దూరంగా వాడాలి. ఫోటోగ్రావ్యూర్, అంటే పలక మీద సన్నని గుంటల్లో సిరా నింపి అచ్చు వేసే పద్ధతి, స్టాంపుల్లో కొన్నిటి సిరా కరుగుతుంది, ముందు చవకబారు స్టాంపు మీద పరీక్షించండి.

ఇక పెట్టెలో అతి చవకైనదీ, నాకు ఎక్కువ పనికొచ్చిందీ పాత స్టాంపు ముక్క. ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఆ మధ్య ఒక పెట్టెలో ఆకుపచ్చ ఒక సెంటు వాషింగ్టన్ తగిలింది, కాస్త పొడవుగా అనిపించింది. నాలుగు వైపులా 11. వాటర్‌మార్క్ లేదు. అంటే దాదాపు ఎప్పుడూ 1917 నాటి మామూలు స్టాంపే, స్టాంపులకు నంబర్లిచ్చే స్కాట్ కేటలాగులో 498. కానీ అదే కొలతతో 1922 నాటి 544 కూడా ఉంది. రోటరీ యంత్రంలో మిగిలిపోయిన షీట్లను పారేయకుండా 11 చిల్లులు వేసి అమ్మేశారు, అరుదైనది అదే. రోటరీలో పలకను సిలిండరు చుట్టూ వంచుతారు, ఆ వంపులో బొమ్మ సాగుతుంది. బల్లపరుపు పలకతో అచ్చైన బొమ్మ ఎత్తు సుమారు 22 మిల్లీమీటర్లు, 544ది సుమారు 22.5. ఆ అర మిల్లీమీటరే ఇక్కడ డబ్బు.

స్కేలుతో అది నమ్మకంగా తేలదు. చిరిగిన 498 ఒకటి తీసుకుని బొమ్మ పై అంచు వెంట కత్తిరించి, అనుమానం ఉన్న స్టాంపు మీద కింది అంచులు కలిసేలా పెడతాను. నిజమైన రోటరీ అయితే పైన బొమ్మ స్పష్టంగా బయటికి పొడుచుకొస్తుంది. దీనికి కొంచెమే వచ్చింది, అర మిల్లీమీటరులో సగం కూడా లేదు. దాన్ని కూడా చవకైన రోటరీ స్టాంపు 543తో పోల్చాను, దానికన్నా పొట్టిగా ఉంది. వెనక్కి తిప్పితే ఆకుపచ్చ సిరా మచ్చలు. బల్లపరుపు యంత్రంలో తడి షీట్లు ఒకదానిపై ఒకటి పేర్చడం వల్ల అవి పడతాయి. అంటే ఇది 498. కాగితాన్ని తడిపి అచ్చు వేసేవాళ్లు కాబట్టి ఆరేటప్పుడు ఒక్కో షీటు ఒక్కోలా ముడుచుకుంటుంది, ఈ చిన్న తేడా దానివల్ల వచ్చిందే. నా బంధువులకి ఇదంతా పిచ్చిలా కనిపిస్తుందనుకోండి, అది వేరే సంగతి.

వేళ్లతో తడిమే పరీక్షను నేను పెద్దగా నమ్మను. 1918–20 మధ్య ఆఫ్‌సెట్‌లో, అంటే రబ్బరు మీదుగా కాగితానికి సిరా ఎక్కించే పద్ధతిలో, వేసినవి నున్నగా ఉంటాయి, చెక్కిన పలకతో వేసినవాటికి సిరా గీతలు ఉబ్బి ఉంటాయి, నిజమే. కానీ వాడేసిన స్టాంపులో ఆ ఉబ్బు అణిగిపోయి ఉంటుంది. పల్చటి అల్యూమినియం రేకు పరిచి వేలితో రుద్దితే రేకు మీద గీతలు దిగుతాయి, అది మెరుగు.

పది రెట్ల భూతద్దం మాత్రం తప్పక కొనండి. విజయవాడ నుంచి చుట్టాలబ్బాయి 1948 నాటి గాంధీ పది రూపాయల స్టాంపు తెచ్చి “అన్నయ్యా, ఇది అసలుదేనా?” అని అడిగితే పని చేసింది ఇదే. అసలుది స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే సంస్థ ఫోటోగ్రావ్యూర్‌లో అచ్చు వేసింది, చిల్లులు 11½. ఫోటోగ్రావ్యూర్‌లో బొమ్మే కాదు, అక్షరాలు కూడా ఒకే తీరైన సన్నని జల్లెడగా విడిపోయి, అంచులు కొద్దిగా రంపంలా కనిపిస్తాయి. అబ్బాయి తెచ్చినదాంట్లో అక్షరాలు నిండుగా, కత్తిరించినట్టు ఉన్నాయి, ముఖం మీద పెద్దవీ చిన్నవీ చుక్కలు. ఆఫ్‌సెట్ నకలు. గేజ్ దాకా వెళ్లనవసరమే లేకపోయింది.

భూతద్దం తిరిగి వేసిన చిల్లుల్ని కూడా పట్టిస్తుంది. చించిన స్టాంపు పళ్ల కొసన కాగితపు పీచు ఉంటుంది. కత్తిరించి కొత్తగా చిల్లులు వేస్తే పళ్ల కొసలు మరీ నీటుగా ఉంటాయి, ఎదురెదురు అంచులు సమాంతరంగా ఉండవు. అలాంటివి చూసి అనుమానం వస్తే నా సామాను అక్కడితో ఆగుతుంది. 544 లాంటిది నిజంగా దొరికిందనిపిస్తే న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ వంటి చోటికి పంపి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది లేకుండా ఎవరూ ఆ ధర ఇవ్వరు. దానికి ఫీజు ఉంటుంది కాబట్టి, పాత స్టాంపు ముక్క పరీక్షలో నెగ్గినవాటినే పంపుతాను.