సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడున్న డబ్బు: ఆటో స్వీప్ కొన్నేళ్లు వాడాక

ముందు లెక్క చూడండి. 2022 ఏప్రిల్‌లో 3 లక్షలు సేవింగ్స్ ఖాతాలో వేసి మూడేళ్లు కదపలేదనుకుందాం. పెద్ద బ్యాంకుల్లో అప్పుడు వడ్డీ దాదాపు 2.7 శాతం, అంటే 2025 మార్చికి సుమారు 3,25,000 అవుతుంది. ఆ మూడు ఆర్థిక సంవత్సరాల్లో మన దేశంలో చిల్లర ధరలు సగటున 6.7, 5.4, 4.6 శాతం చొప్పున పెరిగాయి, కాబట్టి 3 లక్షలకు వచ్చిన సరుకే కొనాలంటే దాదాపు 3,53,000 కావాలి. పాస్‌బుక్‌లో అంకె పెరిగింది, కొనగలిగింది మాత్రం 28 వేల మేర తగ్గింది.

ఇల్లు గడవడానికి, ఆసుపత్రి అవసరానికి పెట్టుకున్న డబ్బును షేర్లలో పెట్టలేం కదా, అందుకే నేను ఆటో స్వీప్ పెట్టించుకున్నాను. మనం చెప్పిన హద్దు దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీ అవుతుంది, ఏటీఎంలో తీసినా చెక్కు వచ్చినా కావలసినంత మేరకే ఎఫ్‌డీ విరిగి ఖాతాలోకి వస్తుంది, మిగతాది పాత వడ్డీతోనే నడుస్తుంది. ఇన్నేళ్లలో అర్ధరాత్రి ఆసుపత్రిలో కట్టాల్సి వచ్చినా డబ్బు ఆగలేదు, నాకు అదే ముఖ్యం.

తేడా కొట్టేది ఆ హద్దు దగ్గరే. నెల ఖర్చు 40 వేలయితే హద్దు 25 వేలకు పెట్టకూడదు. జీతం పడగానే ఎఫ్‌డీలోకి పోయి, నాలుగు రోజులకే అద్దె కోసం విరుగుతుంది, ఏడు రోజులు నిండని ఎఫ్‌డీకి వడ్డీ ఏమీ రాదు, అంటే సేవింగ్స్‌లో ఉంటే వచ్చే ఆ కాస్తా పోతుంది. స్టేట్‌మెంట్‌లో చిన్న చిన్న ఎఫ్‌డీలు పుట్టి వారంలోపే మాయమవుతుంటే హద్దు పెంచాలన్నమాట. ఏ ఎఫ్‌డీ ముందు విరుగుతుందో కూడా బ్యాంకులో అడగండి. చివర వేసింది ముందు విరిగే పద్ధతైతే పాతవి నిలుస్తాయి, మనకు మంచిది. గడువుకు ముందు విరిచినందుకు వడ్డీలో కొంత కోత చాలాచోట్ల ఉంటుంది.

దీనితో ధరలను దాటిపోతామని మాత్రం అనుకోవద్దు. 6.8 శాతం వడ్డీ వచ్చినా 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి చేతికి మిగిలేది 5.4 దాకానే, అంటే ధరలతో ఇంచుమించు సమానంగా నడుస్తామంతే. పాత పన్ను విధానంలో సేవింగ్స్ వడ్డీకి ఉన్న 10 వేల మినహాయింపు కూడా ఎఫ్‌డీ వడ్డీకి వర్తించదు (సీనియర్ సిటిజన్లకు వేరే మినహాయింపు ఉంది). 2025 మధ్యలో ద్రవ్యోల్బణం 2 శాతం దగ్గరికి దిగింది, "ఇక సేవింగ్సే చాలు" అని కొందరన్నారు. నాకది నచ్చలేదు, ఎందుకంటే ఆ తగ్గుదలలో ఎక్కువ వాటా కూరగాయలు, పప్పులదే, వాటి ధరలు ఎంత త్వరగా దిగాయో అంత త్వరగా ఎక్కుతాయి.

నా వరకు ఆరు నెలల ఖర్చు స్వీప్‌లో ఉంటుంది. పదేళ్ల తర్వాత పిల్లల చదువుకు కావలసింది అందులో ఉంచను, అది నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లోకి, పీపీఎఫ్‌లోకి వెళ్తుంది.