పెళ్లి బంగారం రెండేళ్లలో కొనాలంటే: షాపు స్కీమా, ఈటీఎఫ్‌ఫా, నాణేలా?

రెండేళ్లలో అమ్మాయి పెళ్లి. ఆరు కాసులు, అంటే 48 గ్రాములు పెట్టాలి. నెలకు 24 వేలు పక్కన పెట్టగలరు. ఇలాంటి ఇంట్లో వాదనంతా రేటు చుట్టూ తిరుగుతుంది: ఇప్పుడే కొందామా, తగ్గేదాకా ఆగుదామా అని. నెలనెలా కొంటే రేటు ఎలాగూ సగటున పడుతుంది. అసలు తేడా తరుగు, మజూరీ దగ్గర వస్తుంది. షాపుల్లో ఇప్పుడు రెండూ కలిపి వీఏ అంటున్నారు. 12 శాతం వీఏ వేసినా ఆరు కాసుల మీద దాదాపు ముప్పావు కాసు ఖరీదు అందులోనే పోతుంది.

నాణేలు కొని దాచడం నాకు నచ్చదు. నాణెం మీద తయారీ ఖర్చు, 3 శాతం జీఎస్టీ కడతాం. పెళ్లినాటికి దాన్నిచ్చి నగ తీసుకుంటే పూర్తి వీఏ, మళ్లీ జీఎస్టీ. బంగారం ధరతో ముడిపెట్టి ప్రభుత్వం ఇచ్చే సావరిన్ గోల్డ్ బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తగా రాలేదు, పైగా వాటి గడువు ఎనిమిదేళ్లు. కాబట్టి పోటీ నెలనెలా కట్టి చివర్లో నగ తీసుకునే షాపు స్కీముకీ, బంగారం ధర వెంట నడుస్తూ షేర్లలా కొని అమ్ముకునే గోల్డ్ ఈటీఎఫ్‌కీ మధ్యే.

స్కీముల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో కట్టిన డబ్బు డబ్బుగానే ఉండి చివర్లో కొంత బోనస్ కలుస్తుంది. రేటు పెరిగితే ఆ భారం మనదే. రెండోదాంట్లో కట్టిన రోజు రేటుకు గ్రాములు మన ఖాతాలో పడతాయి, చివర్లో ఒక పరిమితి దాకా వీఏ మాఫీ చేస్తారు. పెళ్లికి పనికొచ్చేది ఈ రెండోదే. ఈ స్కీముల్లో నెలవారీ వాయిదాలు 11 ఉండటానికి కారణం ఉంది: ముందుగా తీసుకున్న సొమ్ముకు 365 రోజుల్లో సరుకు ఇవ్వకపోతే కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది. ఏడాది దాటే స్కీము ఎవరైనా చెబితే దూరంగా ఉండండి.

లెక్క వేద్దాం. సగటున గ్రాము 12,000 చొప్పున 11 నెలల్లో 22 గ్రాములు జమయ్యాయి, కట్టింది 2,64,000. నగ తీసుకునే రోజుకు రేటు 14,000 అయిందనుకోండి. 3,08,000 విలువైన గాజులు వస్తాయి. 12 శాతం వీఏ, అంటే సుమారు 37 వేలు మాఫీ. జీఎస్టీ 9 వేల చిల్లర మాత్రం కట్టాలి. అదే డబ్బు ఈటీఎఫ్‌లో పెడితే రేటు లాభం 44 వేలు అక్కడా వస్తుంది, కానీ ఏడాదిలోపే అమ్మితే అది ఆదాయంలో కలుస్తుంది. 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 9 వేల దాకా పన్ను. తర్వాత షాపులో వీఏ పూర్తిగా కట్టాలి. తేడా 46 వేల పైమాటే, అంటే మూడు గ్రాములకు మించి.

మరి ఈటీఎఫ్ ఎందుకు? స్కీములో కట్టిన డబ్బుకు ఏ పూచీ లేదు. షాపు మూతపడితే అప్పులవాళ్ల వరుసలో మనమూ నిలబడాలి. ముహూర్తం ముందుకు జరిగి మధ్యలో మానేస్తే మాఫీ పోతుంది. నకాషీ హారాలకు వీఏ 20 శాతం దాటుతుంటుంది, పరిమితికి మించింది మనమే కట్టాలి. రాళ్ల ఖరీదుకు మాఫీ ఉండదు. ఈటీఎఫ్ యూనిట్లను అమ్ముకుని ఏ షాపులోనైనా కొనుక్కోవచ్చు. 12 నెలలు దాటిన యూనిట్ల లాభం మీద పన్ను 12.5 శాతమే.

అందుకే నా సలహా: నెలకు 18 వేలు స్కీముకు, 6 వేలు మొదటి నెల నుంచే ఈటీఎఫ్‌కు. తొలి స్కీము తీరగానే సాదా గాజులు తీసేసుకోండి, వాటి డిజైను రెండేళ్లలో పాతబడదు. రెండో స్కీము వేరే షాపులో మొదలుపెట్టండి, డబ్బంతా ఒకేచోట ఉండదు. నెక్లెస్, కమ్మలు అందులోంచి తీసుకోవచ్చు, అప్పటికి అమ్మాయి ఇష్టం కూడా తేలుతుంది. స్కీముల వాయిదాలు లేని రెండు నెలల డబ్బు, ఈటీఎఫ్ సొమ్ము కలిపితే జీఎస్టీకి, మిగులు వీఏకి, తక్కువపడ్డ గ్రాములకు వస్తుంది. రేటు బాగా పెరిగితే అరకాసో కాసో తగ్గించుకోండి, అప్పు చేసి ఆరు కాసులు నింపొద్దు.

చేరేముందు ఒక పని చేయండి. స్కీము మాట ఎత్తకుండా నచ్చిన గాజులకు వీఏ ఎంతో అడిగి రాసుకోండి. స్కీము ఉన్న బంధువులెవరినైనా అదే జతకు అడగమనండి. వాళ్లకు శాతం ఎక్కువ చెబితే మాఫీ కాగితం మీదే ఉన్నట్టు.

రెండో స్కీము చివరి వాయిదా ముహూర్తానికి కనీసం ఆరు వారాల ముందు పడేలా చూసుకోండి. కొలతకు చేయించే నగలకు ఆ మాత్రం వ్యవధి కావాలి. తీసుకునేటప్పుడు రాళ్ల బరువు తీసేశాకే బంగారం ఖరీదు కట్టారా అని బిల్లులో చూడండి. నగ మీదున్న ఆరు అక్షరాల హాల్‌మార్క్ గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీని BIS Care యాప్‌లో అక్కడే కొట్టి, వచ్చిన వివరాలు చేతిలో ఉన్న నగకు సరిపోయాకే మిగతా డబ్బు కట్టండి.