పదేళ్లు ఎక్కి దిగాక మా ఇంటి మెట్ల గురించి

గుంటూరు గోరంట్లలో మా ఇంటికి 2015లో గృహప్రవేశం అయింది. కింద హాలు, వంటిల్లు, అత్తయ్య గది. పైన రెండు పడక గదులు, ఆపైన డాబా. రోజుకు పదిసార్లు లెక్కేసుకున్నా ఈ మెట్లు ఇప్పటికి ముప్పై వేలసార్లకు పైనే ఎక్కి దిగి ఉంటాను. ఆవకాయ జాడీ ఎత్తుకుని ఎక్కాను, నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని దిగాను, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయల మూటలు దించాను. ఇల్లు కట్టేవాళ్లు టైల్స్ గురించి, రంగుల గురించి చాలామందిని అడుగుతారు. మెట్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అంతకుముందు బ్రాడీపేటలో అద్దెకు ఉన్నాం. ఆ ఇంటి మెట్టు ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, పాదం పెట్టే చోటు 9 అంగుళాలు. ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చేది కానీ భయం వేసేది కాదు. దిగేటప్పుడే భయం. పాదం పూర్తిగా ఆనదు. మడమ ఆనిస్తే వేళ్లు గాల్లో ఉంటాయి. అత్తయ్య రెయిలింగ్ పట్టుకుని, ఒక పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగేవారు. కొత్త ఇంటి ప్లాను గీస్తున్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: "నేను తిన్నగా దిగేలా కట్టించండమ్మా."

మా ఇంజనీరు గారు చెప్పిన లెక్క తేలికైనదే. మెట్టు ఎత్తును రైజర్ అంటారు, పాదం పెట్టే వెడల్పును ట్రెడ్ అంటారు. రైజర్‌ను రెట్టింపు చేసి దానికి ట్రెడ్ కలిపితే 24, 25 అంగుళాలు రావాలి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లాండెల్ చెప్పిన సూత్రం ఇది. నేల మీద మనం వేసే అడుగు పొడవు సుమారు 24 అంగుళాలు ఉంటుంది. కాలు పైకెత్తడానికి ముందుకు వేయడం కన్నా ఎక్కువ శ్రమ కాబట్టి ఎత్తును రెండుసార్లు లెక్కేస్తారు. పాత ఇంటి మెట్లకు వేసి చూస్తే 26 వచ్చింది. అయితే ఈ సూత్రం ఒక్కటే పట్టుకుంటే చాలదు. 4 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు పెట్టినా 24 వస్తుంది కానీ ఆ మెట్ల మీద అడుగు కుదరదు. ఇళ్లకు మన జాతీయ భవన నిర్మాణ నియమావళి రైజర్ 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని, ట్రెడ్ 250 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 10 అంగుళాలకు తగ్గకూడదని చెబుతుంది.

మా కింది ఫ్లోరింగ్ నుంచి పై ఫ్లోరింగ్‌కి పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. దాన్ని 18 రైజర్లు చేస్తే ఒక్కొక్కటి సరిగ్గా 7 అంగుళాలు. 18 సరి సంఖ్య అని మావారు కాస్త ఇబ్బంది పడ్డారు. కానీ పద్దెనిమిదోసారి ఎత్తిన కాలు పడేది పై అంతస్తు నేల మీద, అది మెట్టు కాదు. కింద 8, మధ్యలో లాండింగ్, పైన 8, కలిపి 17. బేసి సంఖ్యే వచ్చింది కాబట్టి వాస్తు పట్టింపు కూడా తీరింది. ప్లానులో మొదట 10 అంగుళాల ట్రెడ్, 3 అడుగుల లాండింగ్ ఉన్నాయి. మేం ట్రెడ్ 11 అంగుళాలు, లాండింగ్ మూడున్నర అడుగులు చేయించాం. ఎనిమిది మెట్లకు 8 అంగుళాలు, లాండింగ్‌కు 6, మొత్తం 14 అంగుళాలు హాల్లోంచి పోయాయి. ఈ పదేళ్లలో హాలు ఇరుకైందని ఒక్కరూ అనలేదు. అత్తయ్య మాత్రం మొదటి రోజు నుంచీ తిన్నగానే దిగుతున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ మందికి తప్పేది కొలతలో కాదు, ఆ కొలత ఎక్కడి నుంచి తీశారన్నదాంట్లో. మెట్లు పోసే రోజుకి ఇంట్లో ఫ్లోరింగ్ ఉండదు. మేస్త్రీ కింది బేస్‌మెంట్ కాంక్రీటు నుంచి పై శ్లాబు దాకా టేపు పెట్టి, వచ్చినదాన్ని 18తో భాగించి పోసేస్తాడు. ఆ రోజు చూస్తే మెట్లన్నీ సమానంగానే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఫ్లోరింగ్ పడ్డాక తేడా బయటపడుతుంది.

మా ఇంటి అంకెలే చెబుతాను. కింద ఇసుక, మాలు, మార్బుల్ కలిపి నేల 4 అంగుళాలు లేస్తుంది. పైన టైల్స్‌కు 2 అంగుళాలు చాలు. మెట్ల మీద మాలు, గ్రానైట్ కలిపి అంగుళంన్నర. కాంక్రీటు నుంచి కాంక్రీటుకు ఎత్తు 128 అంగుళాలు ఉంది. దాన్ని సమానంగా పంచితే మెట్టుకు 7 అంగుళాల పైన కొద్దిగా వస్తుంది. కానీ ఫ్లోరింగ్ అంతా అయ్యాక మొదటి మెట్టు నాలుగున్నర అంగుళాలే మిగులుతుంది, ఆఖరిది ఏడున్నర దాటుతుంది. మధ్యలోవి మాత్రం 7 దగ్గరే ఉంటాయి.

మన కాలు రెండు మూడు మెట్లలో ఎత్తు నేర్చేసుకుంటుంది. ఆపైన మనం చూసి నడవం. ఒక మెట్టు అర అంగుళం తేడాగా ఉన్నా ఎక్కేటప్పుడు వేలు తగులుతుంది, దిగేటప్పుడు మోకాలు అదురుతుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఇళ్ల నిర్మాణ కోడ్ ఒక మెట్ల వరుసలో పెద్ద రైజర్‌కీ చిన్న రైజర్‌కీ మధ్య 3/8 అంగుళం దాకానే తేడా ఒప్పుకుంటుంది. మన ఇళ్లలో మూడంగుళాల తేడా మామూలైపోయింది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు వాళ్లు "మొదటి మెట్టు చూసుకోండి" అన్నారంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

మా ఇంజనీరు గారు సెంట్రింగ్ కొట్టకముందే లెవెల్ పైపుతో గోడల మీద రెండు గీతలు పెట్టించారు. కింద ఫ్లోరింగ్ ఎక్కడికి వస్తుందో ఒకటి, పైన ఎక్కడికి వస్తుందో ఒకటి. ఆ రెండింటి మధ్య 18 భాగాలు గుర్తించి, ప్రతి గుర్తు నుంచి మెట్టు ఫినిషింగ్ అంగుళంన్నర తగ్గించి కాంక్రీటు గీత గీయించారు. అలా చేస్తే పోసిన రోజున మొదటి మెట్టు తొమ్మిదిన్నర అంగుళాలు, ఆఖరిది ఆరున్నర ఉంటాయి. మా మేస్త్రీ గారు "ఇది తప్పమ్మా, మొదటి మెట్టు గుర్రమెక్కినట్టుంది" అని రెండుసార్లు నాతో చెప్పారు. నాకూ ఆ రాత్రంతా టెన్షనే. మార్బుల్, గ్రానైట్ పడ్డాక ఆయనే టేపు పెట్టి చూసుకున్నారు. అన్నీ ఏడేసి. దీనికి కావాల్సిందల్లా మెట్లు పోసేలోపు ఏ నేలకు ఏ రాయో తేల్చుకోవడం. అది తేలకుండా మెట్లు పోయనివ్వకండి.

ఇక తల పైన ఖాళీ. మా వైపు హెడ్‌రూమ్ అంటే డాబా మీద మెట్లు తేలే చోట కట్టే గది అనుకుంటారు. నేను చెప్పేది ఎక్కేటప్పుడు తలకూ పైనున్న శ్లాబుకూ దూలానికీ మధ్య ఉండే జాగా. పై పడక గదిలో అల్మారా కోసం శ్లాబును కింది మెట్ల మీదకు నాలుగు మెట్ల మేర లాగుదామని నేనే అడిగాను. దాని అంచున వచ్చే దూలం అడుగు భాగం కింది ఫ్లోరింగ్ నుంచి 111 అంగుళాల ఎత్తులో ఉంటుంది. వినడానికి తొమ్మిదడుగుల పైమాటే. కానీ ఎక్కే ప్రతి మెట్టూ అందులోంచి 7 అంగుళాలు తినేస్తుంది. నాలుగో మెట్టు మీద 83 అంగుళాలు మిగులుతాయి, ఐదో మెట్టుకు కాలెత్తేసరికి 76. అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. మా మరిది ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, పైగా ఎక్కేవాళ్లు అడుగడుక్కీ కాస్త పైకి లేస్తారు. రెండు మెట్ల దగ్గరే ఆపేశాం. అల్మారా చిన్నదైంది, నాకు బాధ లేదు.

లాండింగ్ కింద బాత్రూమ్ పెట్టాలన్న ఆలోచన కూడా ఇలాగే పోయింది. లాండింగ్ ఎత్తు 63 అంగుళాలు. శ్లాబు, పైన రాయి కలిపి 7 తీసేస్తే కింద 56 అంగుళాలు, నాలుగడుగుల ఎనిమిది. దానికోసం నేల తవ్వి దించుతామన్నారు. వానాకాలంలో బయటి డ్రెయిన్ నీళ్లు ఎదురొస్తే ఎవరు ఎత్తిపోస్తారని వద్దన్నాను. అక్కడ ఇన్వర్టర్, బియ్యం బస్తాలు ఉన్నాయి.

లాండింగ్‌ను ఖాళీగా వదలడం వృథా అని, అక్కడ మూల మెట్లు మూడేసి వేస్తే హాలు పెరుగుతుందని కట్టేటప్పుడు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. మూల మెట్టు బయటి వైపు వెడల్పుగా, లోపలి మూల దగ్గర సున్నాగా ఉంటుంది. మలుపులో మూడు వేస్తే, లోపలి మూల నుంచి అడుగు దూరంలో కూడా పాదానికి దొరికేది ఆరంగుళాల పైచిలుకే. రెయిలింగ్ పట్టుకుని దిగే పెద్దవాళ్లు నడిచేది సరిగ్గా ఆ పక్కనే. మా అత్తయ్య లాండింగ్‌లో ఒక్క నిమిషం నిలబడి ఊపిరి తీసుకుంటారు. పైకి బీరువా ఎక్కించిన రోజు నలుగురు మనుషులు దాన్ని నిలబెట్టి తిప్పింది కూడా అక్కడే. 3 అడుగులే ఉండుంటే గోడకు గీతలు పడేవి.

గ్రానైట్ విషయంలో మాత్రం తప్పు చేశాం. చీమకుర్తి నల్లరాయి అద్దంలా పాలిష్ పెట్టించి వేశాం. తడి కాలికి జారుతుంది, సాయంత్రం వేళ మెట్టు అంచు ఎక్కడో కనపడదు. రెండో ఏడు అంచు పొడుగునా మూడేసి గాళ్లు కోయించాం. జారడం తగ్గింది, అంచు ఇప్పటికీ లైటు వేస్తేనే కనిపిస్తుంది.

ఇంకో ఇబ్బంది పైనుంచి డాబాకు వెళ్లే మెట్లలో వచ్చింది. అవి కూడా ఏడేసి అంగుళాలే. మూడో వానాకాలంలో శ్లాబు కారితే, డాబా మీద వాటం వచ్చేలా కాంక్రీటు, దాని మీద టైల్స్ వేయించాం. డాబా నేల 3 అంగుళాలు లేచింది. ఆఖరి మెట్టు 10 అంగుళాలైంది. ఆ పని చేయిస్తున్నప్పుడు మా ఎవరికీ మెట్లు గుర్తురాలేదు. వారంలోనే మిరపకాయల మూటతో దిగుతూ నేను, వడియాలు తీసుకొస్తూ అత్తయ్య, ఇద్దరం అక్కడే తూలాం. ఆమె గోడ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

సరిచేయడానికి ఆఖరి మెట్టు ఒక్కటే ఎత్తు చేస్తే దాని కిందిది పెద్దదవుతుంది. అందుకని ఆ 3 అంగుళాలను లాండింగ్ పై వరుసలో ఉన్న 9 రైజర్లకూ పంచాం. ఒక్కోదానికి మూడోవంతు అంగుళం. ఎనిమిది మెట్ల గ్రానైట్ జాగ్రత్తగా లేపి, మొదటి మెట్టును మూడోవంతు అంగుళం, రెండోదాన్ని మూడింట రెండు వంతులు, అలా ఎనిమిదో మెట్టును 2 అంగుళాల మీద మరో మూడింట రెండు వంతులు మాలుతో పెంచి మళ్లీ పరిచారు. తొమ్మిది రైజర్లూ 7 అంగుళాల మీద మరో మూడోవంతుకు వచ్చాయి. మెట్లు పైకి లేచాయి కాబట్టి రెయిలింగ్ పొట్టిదైపోయింది, దాన్ని కూడా విప్పి ఎత్తుగా బిగించాల్సి వచ్చింది. మొత్తం నాలుగు రోజుల పని.

ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు అత్తయ్య డాబా గుమ్మం దగ్గర కాలు ఎత్తెత్తి వేసేవారు. "ఇప్పుడు బాగానే ఉంది అత్తయ్యా" అన్నా, కాలికి ఇంకా తెలియలేదమ్మా అనేవారు.