ఒకే నొప్పి, ఒకే సైజు: ఒకరికి ఎదురుచూపు, ఒకరికి ఆపరేషన్

పొత్తికడుపు నొప్పితో మా చెల్లికి స్కాన్ చేస్తే కుడి అండాశయంలో 5 సెంటీమీటర్ల సిస్ట్ ఉందన్నారు. మా వదినకూ అంతే సైజు. చెల్లిని ఆగమన్నారు, వదినకు ఆపరేషన్ చెప్పారు. తేడా లోపల ఉన్నదాంట్లో ఉంది.

చెల్లి సిస్ట్‌లో సాలెగూడులా సన్నని గీతలు కనిపించాయి. అండం విడుదలయ్యాక అక్కడ రక్తం చేరి గడ్డకట్టిందన్నమాట. దాన్ని శరీరమే మెల్లగా పీల్చేసుకుంటుంది. నొప్పి మాత్రలు వాడి, ఎనిమిది వారాల తర్వాత నెలసరి అయిన వెంటనే మళ్లీ స్కాన్ తీయించుకుంది. అప్పటికి ఏమీ లేదు. గర్భనిరోధక మాత్రలు ఉన్న సిస్ట్‌ను కరిగించవు. అవి కొత్తవి రాకుండా చూడటానికే.

వదినది డెర్మాయిడ్. లోపల కొవ్వు, వెంట్రుకలు ఉంటాయి, ఎన్ని నెలలు ఆగినా కరగదు. నొప్పి లేని చిన్న డెర్మాయిడ్‌ను ఏడాదికోసారి చూస్తూ ఉండొచ్చు. ఆమెకు నొప్పి ఉంది, పైగా ఆ బరువుకు అండాశయం మెలితిరిగే ప్రమాదముంది. అందుకే ల్యాప్రోస్కోపీతో సిస్ట్‌ను మాత్రమే తీసి, అండాశయాన్ని ఉంచారు.

ఆగమన్నవాళ్లకూ ఒక హద్దుంది. ఒకవైపు ఉన్నట్టుండి తట్టుకోలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలితిరిగి ఉండొచ్చు. రక్తప్రసరణను చూసే డాప్లర్ స్కాన్‌లో అది కనిపించినా ఆ అనుమానం పోదు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భపరీక్ష కూడా అక్కడ తప్పక చేయాలి. నెలసరి ఆగిపోయిన వయసులో సిస్ట్ కనిపిస్తే మాత్రం ఈ లెక్కలు పనికిరావు, సీఏ-125 రక్తపరీక్షతో విడిగా చూడాలి.