పెళ్లి ఫోటోలు తీసుకునేవాళ్లకు హెచ్చరిక: ఫైల్ 95 క్వాలిటీ అన్నంత మాత్రాన నమ్మకండి

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఇంకొకరు మోసపోకముందే రాసేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు స్టూడియో, పేరు రాయడం లేదు. మా చెల్లి పెళ్లి ఫోటోలు ఫుల్ క్వాలిటీలో ఇస్తామని మాటిచ్చారు. బ్యాలెన్స్ మొత్తం కట్టించుకున్నాక ముందే పాడైపోయిన జేపెగ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.

రిసెప్షన్ స్టేజీ వెనక నీలం తెర ఉంది. ఒక పక్క నుంచి లైటు పడి, రంగు మెల్లగా ముదురుతూ పోవాలి. ఫోటోలో మాత్రం చిన్న చిన్న గళ్లు. లాప్‌టాప్ తీసుకుని షాపుకి వెళ్లి చూపించాను. అతను తన కంప్యూటర్‌లో సేవ్ చేసే విండో తెరిచి క్వాలిటీ స్లైడర్ మీద వేలు పెట్టాడు. "ఇదిగో 95. ఇంతకన్నా ఏం కావాలి మేడమ్? ఫోన్‌లో బాగానే ఉంటాయి. ఇంత పెద్దది చేసుకుని చూసేది మీరొక్కరే" అన్నాడు. పక్కన మా అమ్మ ఉంది, ఇంకో కస్టమర్లు కూడా ఉన్నారు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. ఫైళ్లను ప్రింటింగ్‌కి సిద్ధం చేయడమే నా ఉద్యోగం. ఆ 95 ఏం చెబుతుందో, ఏం చెప్పదో నాకు తెలుసు.

జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు ఉన్న గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలోని 64 పిక్సెళ్లను 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె ఆ గడి సగటు వెలుగుకు 8 రెట్లు. మిగతావి గడి లోపల వెలుగు ఎంత మెల్లగా, ఎంత వేగంగా మారుతోందో చెబుతాయి. ఆ తర్వాత ప్రతి అంకెనూ క్వాంటైజేషన్ టేబుల్ అనే సంఖ్యల పట్టికలో దాని స్థానంలో ఉన్న సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తుంది. తెరిచేటప్పుడు మళ్లీ అదే సంఖ్యతో గుణిస్తుంది. నష్టం ప్రధానంగా ఆ సరిచేయడంలోనే జరుగుతుంది. స్లైడర్ చేసే ముఖ్యమైన పని ఆ టేబుల్లోని సంఖ్యలను పెంచడం, తగ్గించడం.

చాలా సాఫ్ట్‌వేర్లు వాడే లిబ్‌జేపెగ్ లెక్కలో వెలుగు టేబుల్ మొదటి సంఖ్య స్లైడర్ 50 దగ్గర ఉంటే 16. 90 దగ్గర అది 3, 75 దగ్గర 8, 30 దగ్గర 27. మొదటి అంకె సగటుకు 8 రెట్లు కాబట్టి వీటిని 8తో భాగించి చూడండి. 75 దగ్గర గడి సగటు వెలుగు ఒక్కో మెట్టు చొప్పున మారగలదు. బొమ్మలో వెలుగుకు ఉండే అతి చిన్న తేడా కూడా అంతే కాబట్టి గోడలు, తెరలు, ఆకాశం దాదాపు బాగానే ఉంటాయి. 30కి వచ్చేసరికి ఆ అడుగు 3 మెట్లు దాటుతుంది.

గడి లోపలి మార్పు పరిస్థితి ఇంకా ఘోరం. మా తెరలాంటి చోట ఒక గడి ఈ అంచు నుంచి ఆ అంచుకు సుమారు 3 మెట్లు ముదురుతుంది అనుకోండి. రెండో అంకె 8 దరిదాపుల్లో వస్తుంది. 90 దగ్గర దాన్ని భాగించే సంఖ్య 2 కాబట్టి 8 అలాగే తిరిగొస్తుంది. 75 దగ్గర భాగించేది 6, తిరిగొచ్చేది 6. 30 దగ్గర భాగించేది 18. ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే సగం కూడా రాదు, సున్నా అయిపోతుంది. గడి మొత్తం ఒకే రంగు పలకగా మారుతుంది, పక్క గడి ఇంకో పలక. మా తెర మీద కనిపించింది అదే. జరీ అంచు, పూలదండల దగ్గర ఇంత తెలియదు, అక్కడి వివరాలు గళ్లను కప్పేస్తాయి.

ఆ సున్నాను తర్వాత ఏ 95 కూడా వెనక్కి తేలేదు. పాడైన ఫైల్ తెరిచి 95లో సేవ్ చేస్తే గళ్లు కూడా జాగ్రత్తగా సేవ్ అవుతాయి, ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది. ఇంటికొచ్చాక ఒక ఫోటోలో గళ్ల మొదటి అంకెలన్నీ బయటికి తీసి గ్రాఫ్ వేశాను. 27, 54, 81 ఇలా 27 గుణిజాల చుట్టూ మాత్రమే గుంపులు, మధ్యలో దాదాపు ఖాళీ. 95 దగ్గర భాగించేది 2 కాబట్టి నేరుగా 95లో సేవ్ చేసిన ఫోటోలో అలాంటి ఖాళీలు రావు. ముందు 30 దగ్గర నలిపి, మళ్లీ 95లో సేవ్ చేసి మాకు అంటగట్టారు. ఈ గ్రాఫ్ పంపిస్తే జవాబు లేదు, ఫోన్ కూడా ఎత్తడం లేదు.

చూసుకోవాలనుకునేవాళ్లు ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, కమాండ్ లైన్‌లో ఇది కొట్టండి:

```
identify -format "%Q\n" photo.jpg
```

వచ్చేది ఫైల్లోని టేబుల్ని బట్టి వేసిన క్వాలిటీ అంచనా, అదీ చివరిసారి సేవ్ చేసినదానికి మాత్రమే. అందుకే దాంతో ఆగకండి. బ్యాలెన్స్ ఇవ్వకముందే నున్నటి గోడో తెరో ఉన్న ఫోటోను 400 శాతానికి పెంచి, సరిగ్గా 8 పిక్సెళ్లకో గీత కనిపిస్తోందేమో చూడండి. ఫోటో సైజు మార్చి ఉంటే ఆ దూరం మారుతుంది. కెమెరా కార్డులోంచి వచ్చిన ఫైళ్లే ఇవ్వాలని అడ్వాన్స్ ఇచ్చే రోజే రాతపూర్వకంగా తీసుకోండి.